డయాఫ్రమాటిక్ హెర్నియా: పేగులు పైకి వెళ్తే ఊపిరితిత్తులు ఎందుకు పెరగవు?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా చెల్లెలికి 22వ వారం. టిఫా స్కాన్‌లో బిడ్డకు ఎడమ వైపు డయాఫ్రమాటిక్ హెర్నియా ఉందని, జీర్ణాశయం, పేగులు ఛాతీలోకి వెళ్ళాయని, గుండె కుడి వైపుకు జరిగిందని రాశారు. పుట్టాక ఆపరేషన్ చేసి పేగులు కిందికి దించి రంధ్రం మూసేస్తే సరిపోతుంది కదా? డాక్టరమ్మ మాత్రం ఊపిరితిత్తుల గురించే టెన్షన్ పడుతున్నారు. కుడి ఊపిరితిత్తి బాగానే ఉంది కదా, ఒకటి చాలదా? గ్రహణం నాడు బయటికి వెళ్ళినందుకే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారు.

జవాబు:

డాక్టరమ్మ టెన్షన్ పడుతున్నది సరైన దాని గురించే. ఈ జబ్బులో రంధ్రం మూయడం మాకు తేలిక పని. తిరుపతిలో పిల్లల సర్జన్‌గా చాలా ఏళ్ళు చేశాను కాబట్టి చెబుతున్నాను: పేగుల్ని కిందికి దించి కుట్లు వేయడానికి గంటో రెండు గంటలో పడుతుంది. కానీ బిడ్డ ఊపిరి పీల్చడానికి కావలసిన ఊపిరితిత్తి ఆ రెండు గంటల్లో పుట్టుకురాదు. అది తల్లి కడుపులోనే తయారై ఉండాలి. ఎంత తయారైంది అన్నదాని మీదే బిడ్డ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

గ్రహణం సంగతి ముందే తేల్చేస్తాను. ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుగోడలా ఉండే కండరమే డయాఫ్రం. అది ఒక్క ముక్కగా పుట్టదు, నాలుగైదు భాగాలు వేర్వేరు దిక్కుల నుంచి పెరిగి కలుసుకుంటాయి. వెనక వైపు రెండు పక్కలా చివరిదాకా ఒక సందు మిగిలి, పదో వారానికల్లా అది కూడా మూసుకుంటుంది. మీ మేనల్లుడికో మేనకోడలికో ఎడమ పక్క సందు మూసుకోలేదు. అంటే ఈ లోపం నెల తప్పిందని తెలిసిన కొద్ది వారాలకే జరిగిపోయింది. మీ చెల్లెలు ఎక్కడికి వెళ్ళింది, ఏం తిన్నది, ఏ బరువు ఎత్తింది అన్నవి దీనికి కారణం కావు. సుమారు మూడు వేల కాన్పుల్లో ఒకరికి ఇలా కనిపిస్తుంది. పదింట ఎనిమిది కేసుల్లో ఎడమ వైపే, ఎందుకంటే ఎడమ సందు కుడిదాని కంటే ఆలస్యంగా మూసుకుంటుంది, పైగా కుడి వైపున కాలేయం అడ్డం ఉంటుంది. ఇంట్లో ఆ మాట ఇంక ఎవరూ అనకుండా మీరే చూడండి.

ఇక మీ అసలు ప్రశ్న. మూడో నెలలో పేగులకు పొట్టలో చోటు చాలక, కొంతకాలం బొడ్డుతాడు మొదట్లో ఉండి పెరుగుతాయి. ఇది అందరు బిడ్డల్లోనూ జరిగేదే. పదో వారం దాటాక అవి తిరిగి పొట్టలోకి వస్తాయి. అప్పటికి డయాఫ్రంలో సందు తెరిచే ఉంటే, కొన్ని నేరుగా ఛాతీలోకి ఎక్కేస్తాయి. వాటి వెనకే జీర్ణాశయం, ప్లీహం, ఒక్కోసారి కాలేయంలో కొంత భాగం.

సరిగ్గా అదే సమయంలో ఊపిరితిత్తిలో ఏం జరుగుతోందో తెలిస్తేనే మిగతాదంతా అర్థమవుతుంది. గొంతు కింది గాలిగొట్టం రెండుగా, ఆ రెండూ మళ్ళీ రెండేసిగా, చెట్టు కొమ్మలు చీలినట్టు చీలుకుంటూ పోతుంటుంది. ఈ చీలిక దాదాపు 16వ వారానికి పూర్తవుతుంది. ఆ తర్వాత కొత్త గాలిగొట్టాలు పుట్టవు, ఉన్నవి పొడవు, వెడల్పు పెరుగుతాయంతే. రక్తనాళాలు కూడా గాలిగొట్టాల వెంబడే పెరుగుతాయి. కాబట్టి గొట్టాలు తగ్గిన మేరకు నాళాలూ తగ్గుతాయి. పేగులు ఛాతీలోకి ఎక్కేది పది, పన్నెండు వారాల దగ్గర, చీలిక జోరుగా సాగుతున్నప్పుడు. చోటు లేక, సాగే వీలు లేక ఆ పక్క ఊపిరితిత్తి కొన్ని చీలికలు జరగకుండానే ఆగిపోతుంది. 1970ల మొదట్లోనే ఇలా చనిపోయిన పిల్లల ఊపిరితిత్తులు కోసి గాలిగొట్టాల తరాలు లెక్కపెట్టి చూశారు. మామూలు బిడ్డకు ఉండవలసిన వాటికంటే ఎన్నో తక్కువ, అదీ రెండు వైపులా.

గాలి సంచుల కథ కొంచెం వేరు. అవి ఎక్కువ భాగం ఎనిమిదో నెల తర్వాత మొదలై, పుట్టాక కూడా రెండు మూడేళ్ళు పెరుగుతాయి. నెలలు నిండిన మామూలు బిడ్డకు సుమారు 5 కోట్ల సంచులుంటే, పెద్దవాళ్ళకు 30 కోట్లు, అంతకు మించి. చిన్న ఊపిరితిత్తితో పుట్టిన బిడ్డ తట్టుకుని నిలబడితే తర్వాత కోలుకోవడానికి ఆధారం ఇదే. ఆగిపోయిన గొట్టాలు మాత్రం తిరిగి రావు.

చోటు లేకపోవడం అన్నాను కదా, ఆ నొక్కుడు ఎలా పనిచేస్తుందో ఇంకొంచెం చెప్పాలి. తల్లి కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, నీరు ఉంటుంది. ఆ నీటిని ఊపిరితిత్తే ఊరిస్తుంది. గొంతు దగ్గర స్వరపేటిక కొంచెం బిగుసుకుని ఉండటం వల్ల నీరు ఒక్కసారిగా బయటికి పోక, లోపల కొద్దిపాటి ఒత్తిడి నిలుస్తుంది. ఆ ఒత్తిడితోనే ఊపిరితిత్తి సాగుతుంది, సాగితేనే అందులో కణాలు పెరుగుతాయి. దానికి తోడు బిడ్డ కడుపులోనే ఊపిరి తీసినట్టు డయాఫ్రం కదుపుతుంటుంది. స్కాన్‌లో మీకు చూపించే ఉంటారు. డయాఫ్రంలో రంధ్రం ఉంటే ఆ లాగుడు సరిగా అందదు. పైగా పేగులు చోటు ఆక్రమించడంతో నీరు నిలిచి సాగే అవకాశం కూడా పోతుంది.

ఇది ఊహ కాదు, గొర్రెల మీద చేసి చూశారు. 1980లో అమెరికాలో హారిసన్ అనే పిల్లల సర్జన్ బృందం, తల్లి గర్భంలో ఉన్న గొర్రెపిల్ల ఛాతీలో ఒక సిలికాన్ బెలూన్ పెట్టి మెల్లగా ఉబ్బించింది. పుట్టిన పిల్లలు ఊపిరితిత్తులు చాలక చనిపోయాయి. డయాఫ్రంలో రంధ్రమే లేదు, పేగులూ పైకి పోలేదు, వట్టి చోటు తగ్గడమే. ఇంకొన్ని పిల్లల్లో పుట్టక ముందే బెలూన్‌లో నీరు తీసేస్తే ఊపిరితిత్తులు మళ్ళీ పెరిగి అవి బతికాయి. నొక్కుడు వల్ల ఎదుగుదల ఆగుతుందని, వేళకు నొక్కుడు తీసేస్తే కొంత తిరిగి వస్తుందని రెండూ ఒకేసారి తేలాయి.

కుడి ఊపిరితిత్తి బాగానే ఉంది కదా అన్నారు. బాగా ఉందని రిపోర్టులో రాయలేదు, గుండె కుడి వైపుకు జరిగిందని రాశారు. ఎడమ ఛాతీ నిండిపోయి గుండెను నెట్టింది, గుండె కుడి ఊపిరితిత్తిని నొక్కుతోంది. ఎడమదంత కాకపోయినా కుడిది కూడా చిన్నదే. అంతకంటే ముఖ్యమైన ఇంకో సంగతి ఉంది. నైట్రోఫెన్ అనే కలుపు మందు చూలు ఎలుకలకు పెడితే వాటి పిల్లలకు ఇదే హెర్నియా వస్తుంది. 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ ఎలుక పిల్లల్ని చూస్తే, డయాఫ్రం ఏర్పడక ముందే, అంటే పేగులు పైకి ఎక్కే అవకాశమే లేని దశలోనే రెండు ఊపిరితిత్తులూ చిన్నగా ఉన్నాయి. డయాఫ్రం, ఊపిరితిత్తి రెండింటి ఎదుగుదలనూ నడిపే సంకేతాలు కొన్ని ఉమ్మడివి, అక్కడే మొదటి దెబ్బ తగులుతుందని, రెండో దెబ్బ పేగుల నొక్కుడు వల్ల ప్రధానంగా ఆ పక్కకు తగులుతుందని వాళ్ళు చెప్పారు. మనుషుల్లో ప్రతి కేసులోనూ ఇదే వరస అని నేను అనను. కానీ రెండో వైపు ఊపిరితిత్తి కూడా ఎందుకు పూర్తిగా మామూలుగా ఉండదో దీనితో బాగా అర్థమవుతుంది.

అయితే బిడ్డ కడుపులో బాగానే కదులుతోంది, బరువు పెరుగుతోంది, గుండె చప్పుడు చక్కగా ఉంది కదా అని చాలామందికి అనుమానం. నిజమే, బాగానే ఉంటుంది. కడుపులో ఉన్నన్నాళ్ళు ప్రాణవాయువు మాయ నుంచి వస్తుంది, ఊపిరితిత్తి గుండా పోయే రక్తం చాలా కొద్ది. బొడ్డుతాడు కోసిన నిమిషం నుంచే ఊపిరితిత్తికి పరీక్ష. ఇంతలో మీకు కనిపించగలిగేది ఒకటే: బిడ్డ ఉమ్మనీరు మింగడం కష్టమై నీరు పెరిగిపోవచ్చు. చెల్లెలి పొట్ట ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు, బిగుతుగా ఉంటే వెంటనే చూపించాలి. నెలలు నిండకుండా నొప్పులు రావడానికి అది ఒక కారణం.

ఎంత ఊపిరితిత్తి ఉందో ముందే కొలవచ్చు. ఇలాంటి ఒక కేసు లెక్క రాస్తాను, మీ రిపోర్టు చదువుకోవడానికి పనికొస్తుంది. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, 26 వారాలు, ఎడమ హెర్నియా. గుండె నాలుగు గదులు కనిపించే చోట కుడి ఊపిరితిత్తి చుట్టూ గీత గీసి కొలిస్తే వైశాల్యం 230 చదరపు మిల్లీమీటర్లు. బిడ్డ తల చుట్టుకొలత 240 మిల్లీమీటర్లు. 230ని 240తో భాగిస్తే 0.96. ఆ వారానికి మామూలు బిడ్డలో ఈ అంకె సుమారు 2.5 ఉండాలి. అంటే ఉండవలసిన దానిలో 38 శాతం. రిపోర్టులో ఇది o/e LHR అని కనిపిస్తుంది. ఎడమ హెర్నియాలో 25 శాతం లోపు ఉంటే తీవ్రం. 25 నుంచి 35 మధ్య మధ్యస్థం. 35 నుంచి 45 మధ్య ఉంటే కాలేయం ఎక్కడుందో చూడాలి. పైకి ఎక్కి ఉంటే మధ్యస్థం, కిందే ఉంటే తేలిక. 45 దాటితే తేలికే. ఈమె బిడ్డకు కాలేయం కిందే ఉంది. 38 శాతమంటే సగం కూడా లేదని ఆ తల్లి ఏడ్చింది, కానీ ఈ జబ్బు వరకు అది మంచి అంకె కిందే లెక్క. కొలత తీసే చెయ్యి అలవాటు లేనిదైతే తప్పు వస్తుంది. గీత గీయడంలో కాస్త తేడా వచ్చినా శాతం మారిపోతుంది, అందుకే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ చేత కొలిపించి, రెండు మూడు వారాలాగి మళ్ళీ కొలవాలి. కాలేయం పైకి ఎక్కిందా లేదా అన్నది ఎమ్మారైలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

22వ వారంలో ఉన్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా చేయించవలసినవి రెండు: బిడ్డ గుండెకు విడిగా ఫీటల్ ఎకో, క్రోమోజోముల కోసం ఉమ్మనీటి పరీక్ష. హెర్నియాతో పాటు గుండె లోపమో, జన్యు లోపమో ఉంటే లెక్కలన్నీ మారిపోతాయి. గర్భం కొనసాగించాలా అన్న ఆలోచన ఇంట్లో ఉంటే, 2021 సవరణ తర్వాత మన చట్టంలో 24 వారాలు ఒక గీత. ఆ తర్వాత తీవ్రమైన లోపాలకు మెడికల్ బోర్డు అనుమతి కావాలి. పరీక్షల ఫలితాలకు కూడా రోజులు పడతాయని మర్చిపోవద్దు.

తీవ్రమైన కేసుల్లో కడుపులో ఉండగానే చేసే చికిత్స ఒకటి ఉంది. పైన చెప్పిన నీటి సూత్రమే. సన్నని గొట్టంతో బిడ్డ గాలిగొట్టంలో చిన్న బెలూన్ పెట్టి నీరు బయటికి పోకుండా ఆపుతారు. నీరు నిలిచి ఊపిరితిత్తి సాగుతుంది. 27 నుంచి 29 వారాల మధ్య పెట్టి 34వ వారంలో తీస్తారు. 2021లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరీక్షలో తీవ్రమైన ఎడమ హెర్నియా బిడ్డలు బెలూన్‌తో 40 శాతం, బెలూన్ లేకుండా 15 శాతం బతికి ఇంటికి వెళ్ళారు. మధ్యస్థ కేసుల్లో, కాస్త ఆలస్యంగా బెలూన్ పెట్టినప్పుడు, 63, 50 శాతం వచ్చాయి. కానీ ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత బలంగా లేదు. నష్టం కూడా చిన్నది కాదు: ఉమ్మనీటి సంచి ముందే పగలడం, నెలలు నిండకుండా కాన్పు కావడం బాగా పెరిగాయి. చిన్న ఊపిరితిత్తికి తోడు నెలల తక్కువ బిడ్డ అయితే రెండు కష్టాలు. పైగా బెలూన్ ఉండగా నొప్పులొస్తే దాన్ని అప్పటికప్పుడు తీయగలిగినవాళ్ళు అందుబాటులో ఉండాలి, లేకపోతే బిడ్డకు ఊపిరే ఆడదు. మీకు కొలత 25 శాతం కింద వస్తేనే దీని గురించి అడగండి.

పుంగనూరు బిడ్డ దగ్గరికి మళ్ళీ వస్తాను. 38 వారాలకు, నవజాత శిశువుల ఐసీయూ, పిల్లల సర్జన్ ఉన్న చోటే కాన్పు. ఆపరేషన్ కాన్పే కావాలని లేదు, ఆమెకు మామూలు కాన్పే అయింది. బిడ్డ పొట్ట లోపలికి పోయి పల్చగా ఉంది. పేగులు పైన ఉంటే పొట్ట అలాగే ఉంటుంది. ఈ బిడ్డకు ముఖం మీద మాస్కు పెట్టి బ్యాగుతో గాలి కొట్టకూడదు. గాలి జీర్ణాశయంలోకి, పేగుల్లోకి పోయి అవి ఛాతీలోనే ఉబ్బి, ఉన్న కాస్త ఊపిరితిత్తినీ నొక్కేస్తాయి. ముందు తెలియని చోట పుట్టిన పిల్లలకు మంచి ఉద్దేశంతోనే ఎవరో ఒకరు చేసేది ఇదే. నేరుగా గాలిగొట్టంలో ట్యూబ్ వేసి వెంటిలేటర్‌కు కలిపారు, జీర్ణాశయంలో ఇంకో ట్యూబ్ వేసి గాలి లాగేశారు.

తర్వాత కుడి చేతికి ఒకటి, కాలికి ఒకటి ఆక్సిజన్ కొలిచే క్లిప్పులు. కుడి చేతిలో 88, కాలిలో 72. ఈ తేడా చాలా చెబుతుంది. ఊపిరితిత్తి నాళాలు కొన్నే ఉండటమే కాదు, ఉన్నవాటి గోడల్లో కండరం మందంగా ఉంటుంది, అవి బిగుసుకుపోతాయి. రక్తం లోపలికి పోలేక, పుట్టుకతో అందరికీ ఉండే డక్టస్ అనే నాళం గుండా ఆక్సిజన్ అందుకోకుండానే కింది శరీరానికి దాటిపోతుంది. అందుకే కాలిలో తక్కువ. ఊపిరితిత్తులు చిన్నవవడం ఒక ఎత్తు, ఈ నాళాల బిగువు ఇంకో ఎత్తు. చాలామంది బిడ్డలు పోయేది ఈ రెండో దానివల్లే.

అంకెలు చూసి వెంటిలేటర్ ఒత్తిడి పెంచేయాలనిపిస్తుంది. పెంచితే చిన్న ఊపిరితిత్తి పగులుతుంది, తరచుగా మంచి వైపుదే. అందుకే ఒత్తిడి 25 సెంటీమీటర్ల నీటి మట్టం దాటకుండా చూసుకుంటూ, కుడి చేతిలో 80 నుంచి 95 మధ్య ఉంటే చాలనుకుంటారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే ఎక్కువున్నా ఓర్చుకుంటారు. మిగతా పని నాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు, గుండెకు బలమిచ్చే మందులు చేయాలి. నైట్రిక్ ఆక్సైడ్ ఈ జబ్బులో అందరికీ పనిచేయదు. ఈ బిడ్డకు కొంత పనిచేసింది. 1980ల దాకా పుట్టగానే పరుగున ఆపరేషన్ చేసేవాళ్ళు, మీరు ఇప్పుడు అనుకుంటున్న కారణంతోనే. రంధ్రం మూసినా ఊపిరితిత్తి, నాళాలు అలాగే ఉండటంతో, ఆపరేషన్ ఒత్తిడి తోడై బిడ్డలు ఇంకా క్షీణించేవాళ్ళు. ఇప్పుడు ముందు నిలబెట్టి తర్వాత ఆపరేషన్. ఈ బిడ్డకు నాలుగో రోజు చేశారు. పేగులు, జీర్ణాశయం, ప్లీహం కిందికి వచ్చాయి, రంధ్రం నేరుగా కుట్టడానికి వీలైంది. పెద్దదైతే గుడ్డలాంటి ప్యాచ్ పెట్టేవాళ్ళు.

ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే చూసి తండ్రి కంగారు పడ్డాడు. ఎడమ ఛాతీ అంతా నల్లగా, ఖాళీగా ఉంది, ఊపిరితిత్తి మధ్యలో ఒక మూల చిన్న ముద్దలా ఉంది. పేగులు తీసేశారు కదా, మరి ఊపిరితిత్తి ఎందుకు విచ్చుకోలేదని అడిగాడు. విచ్చుకోవడానికి అక్కడ ముడుచుకుని ఉన్నదేమీ లేదు, ఉన్నదే అంత. ఆ ఖాళీలో గాలి ఉందని ట్యూబ్ పెట్టి గట్టిగా లాగితే గుండె ఇటు జరిగి, రెండో ఊపిరితిత్తి దెబ్బతింటుంది. మెల్లగా నీరు చేరి, నెలల తరబడి ఊపిరితిత్తి పెరిగి ఆ చోటు నింపుతుంది. మూడు వారాల తర్వాత వెంటిలేటర్ తీశారు. ఇంటికి వెళ్ళాక పాలు కక్కడం, బరువు మెల్లగా పెరగడం చాన్నాళ్ళు ఉన్నాయి. ఇవి ఈ పిల్లల్లో మామూలే. వినికిడి పరీక్ష మాత్రం ఒకసారితో ఆపకుండా మూడేళ్ళ వయసు దాకా మధ్యమధ్యలో చేయిస్తుండాలి, పుట్టినప్పుడు బాగున్నా తర్వాత తగ్గే పిల్లలున్నారు.

మీరు చిత్తూరు వైపు కాబట్టి వేలూరు గంట ప్రయాణం, తిరుపతి దానికంటే కాస్త ఎక్కువ, చెన్నై మూడు నాలుగు గంటలు. ఎక్కడికైనా బిడ్డ కడుపులో ఉండగానే చేరాలి. పుట్టాక ట్యూబ్ వేసి అంబులెన్స్‌లో తరలించేటప్పుడు ప్రతి కుదుపుకూ ఆ నాళాలు బిగుసుకుంటాయి. 37 వారాలు దగ్గర పడేసరికి ఆస్పత్రికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంట్లోనో అద్దె గదిలోనో ఉండేట్టు ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. ఎంచుకునే ముందు ఆ ఆస్పత్రిలో మూడు ప్రశ్నలు అడగండి: రాత్రి కాన్పయినా బిడ్డకు ట్యూబ్ వేయగలిగిన నవజాత శిశు డాక్టర్ ఉంటారా, నైట్రిక్ ఆక్సైడ్ ఉందా, పిల్లల సర్జన్ అదే భవనంలో ఉంటారా. ఉన్నారు, పిలిపిస్తాం అంటే ఎంతసేపట్లో అని కూడా అడగండి.